నల్లా మీటరు ఫొటోలో ఉన్నది 847నా, 848నా? నెలకు ఎన్ని లీటర్లు వాడుతున్నట్టు?

సుజాత_ఉప్పల్ | జూన్ 15, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మాది ఉప్పల్ వైపు సొంత ఇల్లు. కింద మేము నలుగురం, పైన అద్దెకు ముగ్గురు. నల్లా కనెక్షన్ ఒక్కటే, మీటరూ ఒక్కటే. మొన్న వచ్చిన బిల్లులో వాడకం 34 కిలోలీటర్లు అని వేశారు. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైనప్పటి నుంచి మాకు ఇంత ఎప్పుడూ రాలేదు. మీటరు చూసే అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఉజ్జాయింపుగా రాసుకుని పోయాడని మా అత్తగారి అనుమానం. అందుకే నేనే ఫొటోలు తీశాను.

ఫొటో 1: జూన్ 1, ఉదయం 6 గంటలు. నల్ల అంకెలు 00848, ఎర్ర ముళ్ళు 9, 6, 2.
ఫొటో 2: జూన్ 15 (ఈ రోజే), ఉదయం 9 గంటలు. నల్ల అంకెలు 00861, ఎర్ర ముళ్ళు 2, 4, 3.

నాలుగో ఎర్ర ముల్లు మరీ చిన్నది, దాన్ని వదిలేశాను. బిల్లు మీద మే 31న రీడింగు 847 అని ఉంది. నీళ్ళు రాకుండానే మర్నాడు పొద్దున నాకు 848 కనిపించింది. అతను తప్పు రాసినట్టే కదా? ఇంకొకటి, ఈ రెండు ఫొటోలను బట్టి జూన్‌లో 20 వేలు దాటుతామో లేదో ఎలా తెలుస్తుంది? నా లెక్క: 861.243 లోంచి 848.962 తీసేస్తే 12.281. పద్నాలుగు రోజులకు ఇంత అయితే 30 రోజులకు 26.3 వేల లీటర్లు. సరేనా?

---

కిరణ్_డల్లాస్ | జూన్ 15, ఉదయం 10:40

సుజాత గారూ, మీటరు మీది లీటర్లలో ఉండదండీ. ఇక్కడ మా ఇంట్లో ఒక యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, అంటే 748 గ్యాలన్లు. మీ 12.281ని 748తో హెచ్చించి చూడండి. తొమ్మిది వేల గ్యాలన్ల పైనే వస్తుంది. రెండు వారాలకు అది చాలా ఎక్కువ. ఎక్కడో లీకు ఉంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటరు మధ్యలో ఉన్న చిన్న నక్షత్రం చక్రం తిరుగుతోందేమో చూడండి. తిరిగితే లీకే.

---

మియాపూర్_కార్యదర్శి | జూన్ 15, ఉదయం 11:05

మీకు ఒక ఇల్లు, ఒక మీటరు. అదృష్టవంతులు. మా అపార్ట్‌మెంటులో 40 ఫ్లాట్లకు ఒకటే పెద్ద మీటరు. ఫ్లాటుకు 20 వేల చొప్పున 8 లక్షల లీటర్లు ఉచితం అని లెక్క వేసుకుని, దాటినది ఎవరు కట్టాలని ప్రతి నెలా సమావేశంలో గొడవ. మూడో అంతస్తు వాళ్ళు తాము ఊళ్ళో లేమంటారు. రెండో అంతస్తు వాళ్ళ ఇంట్లో వాషింగ్ మెషిన్ ఆగదు. దీనికి ఎవరైనా పరిష్కారం చెబితే నాకూ కావాలి.

---

నారాయణరావు_విశ్రాంత | జూన్ 15, ఉదయం 11:30

విద్యుత్ శాఖలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ముల్లు మీటర్లు చదవడం నాకు కొట్టిన పిండి. అమ్మా, ముల్లు రెండు అంకెల మధ్య ఉంటే దాటిపోయిన అంకె వేయాలి, రాబోయేది కాదు. ఇది మొదటి సూత్రం. రెండోది చాలామందికి తెలియదు. పక్కపక్క డయళ్ళు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి సవ్యంగా, దాని పక్కది అపసవ్యంగా. కనుక మీ రెండో ముల్లు 6, 7 మధ్య ఉంటే అది 7 నుంచి 6 వైపు వస్తున్నట్టు లెక్క. దాటినది 7. మొదటి ఫొటో 847.972 అవుతుంది. నల్ల అంకె మాత్రం 847 అనే నా నమ్మకం, కానీ కారణం ఫొటోలో స్పష్టంగా లేదు.

---

మీటర్‌బెంచ్ | జూన్ 15, మధ్యాహ్నం 1:15

నీటి మీటర్లను పరీక్షించే బల్ల మీద చాలా ఏళ్ళు పనిచేశాను. ముందు ఫొటో 1 గురించే చెబుతాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కిరణ్ గారూ, ఫొటోలో అంకెల గడి పక్కన `m³` అని స్పష్టంగా ఉంది. మన దగ్గర ఇంటి మీటర్లన్నీ ఘనపు మీటర్లలోనే. ఒక ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు, బిల్లులో కిలోలీటరు అన్నా అదే. గ్యాలన్ల లెక్క ఇక్కడ వద్దు. నల్ల అంకెలు పూర్తి కిలోలీటర్లు. ఎర్రవన్నీ దానిలో భాగాలు. `x0.1` ముల్లు ఒక గీత కదిలితే 100 లీటర్లు, `x0.01` అయితే 10, `x0.001` అయితే 1. నాలుగోది లీటరులో పదో వంతు. దాన్ని వదిలేసి సుజాత గారు మంచి పని చేశారు.

నారాయణరావు గారూ, మీ మొదటి సూత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. రెండోది పాత కరెంటు మీటర్లకు సరిపోతుంది కానీ నీటి మీటరుకు కాదు. ఇక్కడ ముళ్ళన్నీ సవ్యదిశలోనే తిరుగుతాయి. అనుమానం ఉంటే ఫొటోను పెద్దది చేసి డయళ్ళ మీద అంకెల వరస చూడండి. నాలుగింటిలోనూ 0 తర్వాత 1 కుడివైపే ఉంది. కనుక రెండో ముల్లు 6 దాటింది, 7 చేరలేదు. 6 అనే వేయాలి. ఇక్కడ తేడా పది లీటర్లే. అదే పొరపాటు మొదటి ముల్లు దగ్గర జరిగితే వంద లీటర్లు.

అసలు తగాదా నల్ల అంకె దగ్గర. సుజాత గారూ, చివరి గడిని దగ్గరగా చూడండి. 8 గడి మధ్యలో నిలబడలేదు, కొద్దిగా కిందికి ఉంది. దాని నెత్తి మీద సన్నగా ఇంకో అంకె కాలు కనిపిస్తోంది. అది 7. ఈ చక్రాలు పైకి దొర్లుతాయి. పాత అంకె పైనుంచి వెళ్ళిపోతుంటే కొత్త అంకె కిందినుంచి వస్తుంది. అంటే 8 వస్తోంది, ఇంకా రాలేదు. కంటికి నమ్మకం కుదరకపోతే సాక్ష్యం పక్కనే ఉంది. `x0.1` ముల్లు 9 దాటి 0 వైపు పోతోంది. అది 0 మీదికి వచ్చాకే 848 పూర్తయినట్టు. ఇంకా 9లో ఉందంటే ఆ వెయ్యి లీటర్లలో చివరి భాగం నడుస్తోంది. కనుక రీడింగు 847.962. మీరు చదివింది 848.962. తేడా సరిగ్గా వెయ్యి లీటర్లు.

ఆ అబ్బాయి 847 అని రాయడం సరైనదే. బిల్లుకు నల్ల అంకెలే తీసుకుంటారు, ఎర్రవి వదిలేస్తారు. గేటు దగ్గర నిలబడి రాసినవాడికి ఈ 7 దొరకదు.

---

సుజాత_ఉప్పల్ | జూన్ 15, మధ్యాహ్నం 1:50

ఫొటో పెద్దది చేసి చూశాను. 8 నెత్తి మీద నిజంగానే 7 కాలు ఉంది! నేను దాన్ని అద్దం మీద మరక అనుకున్నాను. అత్తగారికి చూపిస్తే "అయితే ఆ పిల్లాడు మంచివాడే" అన్నారు.

అయితే తేడా 861.243 లోంచి 847.962 తీస్తే 13.281. నెలకు 28.5 వేల లీటర్లు అన్నమాట. పెరిగింది. ఇది ఇంకా ఘోరం.

---

శ్రీను_ప్లంబింగ్ | జూన్ 15, మధ్యాహ్నం 3:20

మేడమ్, మీకు నీళ్ళు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా? మీటరు సంపుకు ముందు ఉందా? బోరు ఉందా? ఇవి చెప్పకుండా నెల లెక్క కట్టొద్దు. కుళాయిలు కట్టేసి నక్షత్రం చూడమన్న సలహా కూడా మన దగ్గర పనికిరాదు. మన మీటరు వీధి పైపుకూ సంపుకూ మధ్యలో ఉంటుంది. వీధిలో నీళ్ళు లేనప్పుడు అది ఎలాగూ తిరగదు. పైన ట్యాంకులో లీకు ఉన్నా, ఫ్లష్ కారుతున్నా మీటరుకు నేరుగా తెలియదు.

---

కిరణ్_డల్లాస్ | జూన్ 15, మధ్యాహ్నం 3:45

అవును కదా, సంపు సంగతే మర్చిపోయాను. ఇక్కడ పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, అందుకని అలా చెప్పాను. వెనక్కి తీసుకుంటున్నాను.

---

సుజాత_ఉప్పల్ | జూన్ 15, సాయంత్రం 4:05

రోజు విడిచి రోజు. జూన్‌లో బేసి తేదీల్లో పొద్దున ఆరున్నరకు మొదలై ఏడు ముప్పావు దాకా వస్తాయి. జూన్ 1న వచ్చే ముందే ఫొటో తీశాను. ఈ రోజు నీళ్ళు ఆగాక తీశాను. బోరు ఉంది కానీ రెండేళ్ళుగా ఎండిపోయింది. ట్యాంకరు తెప్పించుకోలేదు.

---

మీటర్‌బెంచ్ | జూన్ 15, సాయంత్రం 5:30

శ్రీను గారు అడగవలసిందే అడిగారు. ఇప్పుడు సుజాత గారి సమాధానంలోనే లెక్క తప్పిన చోటు దొరికింది.

మీ మీటరు రోజుల్ని లెక్కపెట్టదు, నీళ్ళు వచ్చిన పూటల్ని లెక్కపెడుతుంది. పూట వచ్చినప్పుడు ఒక్కసారిగా కదులుతుంది, తర్వాత రెండు రోజులు కదలకుండా ఉంటుంది. జూన్ 1 పొద్దున నీళ్ళకు ముందు ఒక ఫొటో, 15న నీళ్ళ తర్వాత రెండోది. ఈ మధ్యలో వచ్చిన పూటలు వేళ్ళ మీద లెక్కపెట్టండి: 1, 3, 5, 7, 9, 11, 13, 15. ఎనిమిది. రోజులు పద్నాలుగే, అంటే ఏడు పూటలకు సరిపడే కాలం. ఎనిమిది పూటల నీళ్ళను ఏడు పూటల కాలంతో భాగించారు. ఒక పూట నీళ్ళు ఉత్తపుణ్యానికి మీ లెక్కలో చేరాయి.

సరైన దారి ఇది. 13.281ని 8తో భాగిస్తే పూటకు 1.66, అంటే 1,660 లీటర్లు. జూన్‌లో బేసి తేదీలు పదిహేను. 1,660 ఇంటూ 15 అంటే 24,900 లీటర్లు. మీరు భయపడిన 28.5 వేలు కాదు, దాదాపు 25 వేలు. మూడున్నర వేల తేడా ఫొటో తీసిన వేళ వల్ల వచ్చింది.

దీన్నే సంపు వైపు నుంచి కూడా చూడవచ్చు. మొదటి ఫొటో నాటికి సంపు అడుగంటి ఉంది, రెండో ఫొటో నాటికి అప్పుడే నిండింది. అంటే మీటరు దాటిన 13,281లో చివరి పూట వచ్చిన 1,660 ఇంకా సంపులోనే ఉన్నాయి, మీరు వాడలేదు. వాడినవి 11,621. దాన్ని 14తో భాగించి 30తో హెచ్చించినా అదే 24,900.

ఇకమీదట ఫొటో ఎప్పుడూ ఒకే ఘట్టంలో తీయండి. నీళ్ళు ఆగాక అయితే ప్రతిసారీ ఆగాకే. అప్పుడు రోజులతో భాగించినా ఫరవాలేదు.

---

సుజాత_ఉప్పల్ | జూన్ 15, సాయంత్రం 6:10

ఇంత చిన్న విషయానికి మూడున్నర వేల లీటర్లా! మరి బిల్లులో 34 ఎందుకొచ్చింది? అది 25 కన్నా చాలా ఎక్కువ కదా.

---

మీటర్‌బెంచ్ | జూన్ 15, సాయంత్రం 6:40

బిల్లు మీద పాత రీడింగు తేదీ ఎంత ఉంది?

---

సుజాత_ఉప్పల్ | జూన్ 15, సాయంత్రం 6:55

ఏప్రిల్ 24, రీడింగు 813. కొత్తది మే 31, 847. ఏప్రిల్ 24న కూడా నీళ్ళు వచ్చిన రోజే, అతను మధ్యాహ్నం వచ్చాడు.

---

మీటర్‌బెంచ్ | జూన్ 15, రాత్రి 8:20

అయితే ఆ 34 నెల లెక్క కాదు, 37 రోజుల లెక్క. జూన్ 1 నుంచి వెనక్కి రోజు విడిచి రోజు లెక్కపెట్టండి. మే 30 నుంచి మే 2 దాకా సరి తేదీల్లో పదిహేను పూటలు, ఏప్రిల్‌లో 26, 28, 30. మొత్తం పద్దెనిమిది. 34ని 18తో భాగిస్తే పూటకు 1,890 లీటర్లు. పదిహేను పూటల నెలకు 28 వేల చిల్లర. మేలో మీ వాడకం జూన్ కన్నా పూటకు 230 లీటర్లు ఎక్కువ, అంతే. 34కీ 25కీ ఉన్నంత ఎడం లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. నల్ల అంకెలే రాస్తారు కనుక పాత 813 అనేది 813.0 కావచ్చు, 813.9 కావచ్చు. కొత్తది 847.962 అని మీ ఫొటో వల్ల మనకు తెలుసు. కనుక ఆ 37 రోజుల్లో నిజంగా వచ్చినవి 34 వేలకూ 35 వేలకూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. వదిలేసిన ఎర్ర అంకెలు ఎక్కడికీ పోవు, వచ్చే బిల్లులో చేరతాయి. మీ 962 లీటర్లు జూన్ బిల్లులోకి వస్తాయి.

---

సుజాత_ఉప్పల్ | జూన్ 15, రాత్రి 8:45

మేలో పైవాళ్ళ ఇంటికి సెలవులకు చెల్లెలి పిల్లలు ముగ్గురు వచ్చి ఉన్నారు. ఆ 230 లీటర్లు వాళ్ళవే.

---

పద్మావతి_గుంటూరు | జూన్ 15, రాత్రి 9:10

37 రోజులకు బిల్లు వేసినప్పుడు ఉచితం కూడా 37 రోజులకు లెక్కగట్టి ఇస్తారా, లేక 20 వేలే ఇస్తారా? అది తేలితే కదా అసలు డబ్బు సంగతి తేలేది.

---

మియాపూర్_కార్యదర్శి | జూన్ 15, రాత్రి 9:25

మా బిల్లుల్లో రోజుల సంఖ్య మారినప్పుడల్లా ఇదే వాదన. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు, నాకు రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు. సుజాత గారూ, మీ పాత బిల్లులు నాలుగైదు పక్కపక్కన పెట్టి, రోజులు ఎక్కువైన నెలలో ఎంత తీసేశారో చూడండి. మాది పెద్ద మీటరు కనుక మా లెక్క మీకు పనికిరాదు. అన్నట్టు మా మీటరు డయలు మీద గుణకాలు వేరే ఉన్నాయి. అది గమనించక మా పాత కార్యదర్శి ఏడాది పాటు పదో వంతు లెక్క రాసి అందరి మెప్పూ పొందాడు.

---

శ్రీను_ప్లంబింగ్ | జూన్ 16, ఉదయం 7:30

మేడమ్, నెలకు 20 వేలంటే పదిహేను పూటలకు పూటకు 1,333 లీటర్లు. మీకు 1,660 వస్తున్నాయి. సంపు కొలతలు ఎంత? ఫ్లోట్ వాల్వు ఉందా? ఉంటే నీళ్ళు ఎంత ఎత్తు దాకా రావాలో దానితో కట్టడి చేయవచ్చు.

---

సుజాత_ఉప్పల్ | జూన్ 16, ఉదయం 8:15

సంపు 6 అడుగులు పొడవు, 5 అడుగులు వెడల్పు. ఫ్లోట్ వాల్వు ఉంది.

ఇంకో సందేహం. నీళ్ళు రావడానికి ముందు పైపు బుస్సుమని చప్పుడు చేస్తుంది. అప్పుడు మీటరు లోపల నక్షత్రం గిర్రున తిరుగుతుంది. సంపులో మాత్రం చుక్క పడదు. మేము గాలికి కూడా డబ్బు కడుతున్నామా?

---

నారాయణరావు_విశ్రాంత | జూన్ 16, ఉదయం 9:00

తప్పకుండా కడుతున్నారు. నా అంచనా, బిల్లులో సగం గాలే. మా బజారులో అందరూ అదే అంటారు.

---

మీటర్‌బెంచ్ | జూన్ 16, ఉదయం 10:10

గాలి తిప్పడం నిజం. లోపల రెక్కల చక్రానికి తనను తోసేది నీరో గాలో తెలియదు. రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చే చోట పైపు ఖాళీ అవుతుంది కనుక ముందు గాలి తోసుకొస్తుంది. సగం అన్నదానికి మాత్రం ఆధారం కావాలి. సుజాత గారి దగ్గర దాన్ని కొలిచే సాధనం ఉంది. సంపే ఆ సాధనం.

6 ఇంటూ 5 అంటే 30 చదరపు అడుగులు. అందులో నీటిమట్టం ఒక అంగుళం పెరిగితే రెండున్నర ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు కనుక అంగుళానికి దాదాపు 70.8 లీటర్లు. రేపు నీళ్ళు రాకముందు మీటరు ఫొటో తీసి, సంపులో టేపు దించి మట్టం రాసుకోండి. నీళ్ళు ఆగేదాకా మోటారు వేయకండి, ఇది ముఖ్యం. ఆగాక మళ్ళీ ఫొటో, మళ్ళీ టేపు. మీటరు చెప్పినదాన్నీ సంపులో చేరినదాన్నీ పోల్చవచ్చు.

వీలైతే బుస్సుమనే వేళ మీటరు మీద ఫోను పెట్టి వీడియో తీయండి. `x0.001` ముల్లు ఒక చుట్టు తిరిగితే 10 లీటర్లు. సంపులో మొదటి ధార పడేలోపు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి.

ఫొటోల గురించి ఒక మాట. మీ రెండు ఫొటోల్లోనూ ఫోను ఒక పక్కకు వంగి ఉంది. ముళ్ళు డయలు మీద ఆనుకుని ఉండవు, కాస్త ఎత్తులో ఉంటాయి. పక్కనుంచి తీస్తే ముల్లు పక్క అంకె మీద ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోను డయలుకు సమాంతరంగా, నిలువుగా పైనుంచి ఉండాలి. ఫ్లాష్ వేస్తే అద్దం మీద తెల్లటి మచ్చ పడుతుంది. దాని బదులు పక్కనుంచి టార్చి వేయండి. ముందు తడిగుడ్డతో అద్దం తుడవండి. మీటరు నంబరు కూడా ఫొటోలో పడేలా చూడండి. వాట్సాప్‌లో పంపుకుంటే ఫైలు పేరులో పంపిన తేదీ పడుతుంది, తీసిన తేదీ కాదు. అసలు ఫొటో ఫోనులోనే ఉంచుకోండి.

---

సుజాత_ఉప్పల్ | జూన్ 17, ఉదయం 9:20

చేశాను. మా వారు టేపు పట్టుకున్నారు, నేను మీటరు గుంతలో వంగి వీడియో తీశాను. నీళ్ళకు ముందు రీడింగు 861.243, అంటే 15న ఎంత ఉందో అంతే, లీటరు కూడా కదల్లేదు. నీళ్ళు ఆగాక తీసిన ఫొటో 3 జతచేస్తున్నాను. సంపులో మట్టం 22 అంగుళాలు పెరిగింది. మోటారు వేయలేదు. పైవాళ్ళు స్నానాలకు గంట ఆగారు, వాళ్ళకు క్షమాపణ చెప్పుకోవాలి.

---

నారాయణరావు_విశ్రాంత | జూన్ 17, ఉదయం 9:40

ఫొటో 3 చూశాను. నల్ల అంకెలు 862, ముళ్ళు 9, 9, 8. అంటే 862.998. పూటకు 1,755 లీటర్లు. సంపులో చేరింది 22 ఇంటూ 70.8, అంటే 1,558. దాదాపు 200 లీటర్లు గాలి. చెప్పానా?

---

సుజాత_ఉప్పల్ | జూన్ 17, ఉదయం 10:05

క్షమించండి నారాయణరావు గారూ, మొదటి ముల్లు 9 అని నాకు అనిపించడం లేదు. చూడడానికి 9 మీదే ఉన్నట్టుంది, నిజమే. కానీ రెండో ముల్లు 9 దాటి 0 వైపు పోతోంది, ఇంకా 0 చేరలేదు. రెండోది చుట్టు పూర్తి చేశాకే కదా మొదటిది 9ని అందుకోవాలి? కనుక మొదటిది ఇంకా 8లోనే ఉండాలి. 862.898. నల్ల అంకె దగ్గర మొన్న చెప్పిన ఉపాయమే ఇక్కడ కూడా వాడాను.

---

మీటర్‌బెంచ్ | జూన్ 17, ఉదయం 10:30

సరిగ్గా చదివారు. 862.898. తేడా 1.655, అంటే 1,655 లీటర్లు. నారాయణరావు గారి 200లో వంద ఆ ముల్లు పొరపాటుదే.

---

నారాయణరావు_విశ్రాంత | జూన్ 17, ఉదయం 10:50

ఒప్పుకుంటున్నాను. కళ్ళద్దాలు మార్చాలి. కానీ మిగతా వంద ఎక్కడికి పోయింది?

---

సుజాత_ఉప్పల్ | జూన్ 17, ఉదయం 11:15

వీడియో ఆపి ఆపి మూడుసార్లు చూశాను. బుస్సుమనడం మొదలైనప్పటి నుంచి మా వారు "పడింది" అని అరిచేదాకా `x0.001` ముల్లు నాలుగు చుట్లకు కాస్త తక్కువ తిరిగింది. 38 లీటర్లు. అంటే 1,655లో 1,558 సంపులో చేరాయి, 38 గాలి, ఇంకా 59 లీటర్లు లెక్కకు దొరకడం లేదు.

---

మీటర్‌బెంచ్ | జూన్ 17, మధ్యాహ్నం 12:20

ఈ 59ని చూసి మీటరు మీద ఫిర్యాదు రాయకండి. మీ టేపు అర అంగుళం తప్పితే 35 లీటర్లు పోతాయి. నీళ్ళు కదులుతుండగా అర అంగుళం తప్పడం పెద్ద విశేషం కాదు. మీటరుకు కూడా కొంత వెసులుబాటు ఉంది. మామూలు ధారలో రెండు శాతం అటూ ఇటూ, చాలా సన్నని ధారలో ఐదు శాతం దాకా భారతీయ ప్రమాణంలోనే ఒప్పుకున్నారు. 1,655కు రెండు శాతం అంటే 33 లీటర్లు. ఇవి రెండూ ఒకే వైపు మొగ్గితే 59 అక్కడే దొరుకుతుంది. మొగ్గాయని నేను చెప్పలేను, మొగ్గవచ్చు అంటున్నాను.

గాలి సంగతి. పూటకు 38 చొప్పున పదిహేను పూటలకు 570 లీటర్లు అవుతుంది. కానీ ఒక్క పూట వీడియోను పదిహేనుతో హెచ్చించడం నాకు ఇష్టం లేదు. గాలి ఎంత వేగంగా వస్తుందో ఆ రోజు ఒత్తిడిని బట్టి, వాల్వు ఎంత తొందరగా తిప్పారన్న దాన్ని బట్టి మారుతుంది. మూడు నాలుగు పూటలు తీసి చూడండి. మొదటి ధార పడ్డాక కూడా నీళ్ళలో కలిసి కొంత గాలి వస్తూనే ఉంటుంది. అది మీ వీడియోలో దొరకదు.

ఇంతకీ ఆ 6 అడుగులు, 5 అడుగులు ఎక్కడినుంచి కొలిచారు?

---

సుజాత_ఉప్పల్ | జూన్ 17, మధ్యాహ్నం 12:45

కొలవలేదు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ గీసిన కాగితం మీద 6 ఇంటూ 5 అని ఉంది.

---

శ్రీను_ప్లంబింగ్ | జూన్ 17, మధ్యాహ్నం 1:10

అయ్యో మేడమ్. కాగితం మీద గోడ మధ్య కొలత ప్లాస్టరింగ్‌కు ముందుది. లోపల నాలుగు వైపులా అంగుళం చొప్పున పూత వేసి ఉంటారు. అప్పుడు లోపలి కొలత 5 అడుగుల 10 అంగుళాలు, 4 అడుగుల 10 అంగుళాలు. అంగుళం ఎత్తుకు 70.8 కాదు, 66.5 లీటర్లు వస్తుంది. 22 అంగుళాలకు 1,463. మీ తేడా 59 కాదు, 150 దాటుతుంది.

---

నారాయణరావు_విశ్రాంత | జూన్ 17, మధ్యాహ్నం 1:25

నేను మొదట చెప్పిన 200 దగ్గరికే వస్తున్నారు చూశారా!

---

మీటర్‌బెంచ్ | జూన్ 17, మధ్యాహ్నం 2:00

శ్రీను గారి మాట నిజమైతే అప్పుడు మీటరు గురించి ఆలోచించవలసిందే. టేపు పొరపాటుతో 150 రాదు. అది నిజమో కాదో లోపల టేపు పెడితే తప్ప తెలియదు. అప్పటిదాకా నెల అంచనా మాత్రం మారదు. బిల్లు మీటరును బట్టి వస్తుంది కనుక 25 వేల దగ్గరే ఉంటుంది. సంపు లోపలి కొలత ఎప్పుడు తీయగలరు?

---

సుజాత_ఉప్పల్ | జూన్ 17, మధ్యాహ్నం 2:30

సంపు కడిగించాల్సిన పని ఎలాగూ ఉంది. 23వ తేదీ నీళ్ళు రాకముందు ఖాళీ చేయిస్తాం. మా వారిని టేపుతో లోపలికి దించుతాను. అప్పుడు మళ్ళీ ఇక్కడే రాస్తాను. పైవాళ్ళకు మాత్రం ఆ రోజు స్నానాలు తెల్లవారుజామునే చేసుకోమని ముందే చెప్పాను.